ఏడో రైడర్ ఎందుకు అక్కర్లేకపోయాడు: రద్దీ నగరంలో ఒక డెలివరీ హబ్ కేస్ స్టడీ

నన్ను పిలిచి అడిగిన ప్రశ్న చాలా చిన్నది. ఆరుగురు రైడర్లున్న హబ్‌కి ఏడో మనిషిని తీసుకోవాలా, వద్దా? మేనేజర్ దృష్టిలో తీసుకోవాల్సిందే. రోజుకి 300 పార్సిళ్లు బయటికి వెళ్తున్నాయి. ఆరుగురూ షిఫ్ట్ ముగిసేదాకా పరుగులు పెడుతూనే ఉన్నారు, అయినా సాయంత్రానికి ప్రతి సంచీలో కొన్ని మిగిలే వస్తున్నాయి. పై ఆఫీసు మాత్రం మనిషిని ఇచ్చే ముందు రూట్లు ఒకసారి చూడమంది. రూట్లు సరిచేస్తే కిలోమీటర్లు తగ్గుతాయి, కిలోమీటర్లు తగ్గితే ఖర్చు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. నేనూ మొదట ఆ నమ్మకంతోనే వెళ్లాను.

ఈ కేసులో ఖర్చునంతా నిమిషాల్లోనే చెప్తాను. జీతం, ఇంధనం, బండి అద్దె ఊరిని బట్టి మారతాయి. కానీ చివరి మైలులో, అంటే హబ్ నుంచి కస్టమర్ తలుపు దాకా చేసే డెలివరీలో, అన్నిటికంటే పెద్ద ఖర్చు రైడర్ సమయం, అది ఎక్కడైనా నిమిషాల్లోనే కొలవొచ్చు. మీ దగ్గర నిమిషం ధర ఎంతో మీకు తెలుసు కాబట్టి దానితో హెచ్చవేసుకోండి. అంకెలన్నీ ఈ ఒక్క హబ్‌వి, చదవడానికి వీలుగా గుండ్రంగా చేశాను.

రోజు ఎటు పోతోంది

మొదటి వారం కంప్యూటర్ తెరవలేదు. ఒక్కో రోజు ఒక్కో రైడర్ వెనక కూర్చుని, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగాను. హబ్ పరిధి దాదాపు ఆరు చదరపు కిలోమీటర్లు, ఒక్కో రైడర్‌కి సుమారు ఒక చదరపు కిలోమీటరు. ఒక్కొక్కరు రోజుకి 50 పార్సిళ్లు తీసుకెళ్తారు. ఒకే భవనంలో రెండు మూడు పార్సిళ్లు ఉండే చోట్లు కలుపుకుంటే, బండి ఆపేది దాదాపు 40 చోట్ల.

షిఫ్ట్ 9 గంటలు, అంటే 540 నిమిషాలు. అందులో పొద్దున పార్సిళ్లు వేరుచేసి, స్కాన్ చేసి, సంచీలో సర్దుకోవడానికి 50 నిమిషాలు పోతాయి. హబ్ నుంచి తన ఏరియాకి వెళ్లి రావడానికి 40. భోజనానికి 40. సాయంత్రం మిగిలిన పార్సిళ్లు, వసూలైన డబ్బు అప్పజెప్పడానికి 30. ట్రాఫిక్ ఆగిపోవడం, బండి ఇబ్బందులు, ఫోన్ ఛార్జింగ్, ఇలా ఏ లెక్కలోకీ రానివి ఇంకో 48. ఒక చోటి నుంచి ఇంకో చోటికి బండి నడిపే సమయం మొత్తం కలిపి 32 నిమిషాలు. మిగిలిన 300 నిమిషాలు బండి ఆపిన తర్వాత గడిచేవి: నిలపడానికి చోటు వెతుక్కోవడం, గేటు దగ్గర పేరు రాయడం, లిఫ్ట్ కోసం నిలబడడం, తలుపు కొట్టడం, ఓటీపీ అడగడం, ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూడడం.

ఆ 32 దగ్గర ఆగిపోయాను. తప్పుగా కొలిచానేమో అనుకుని ఒక పాత సూత్రంతో సరిచూశాను. ఒక ఏరియాలో చెల్లాచెదురుగా ఉన్న చోట్లన్నిటినీ చుట్టివచ్చే అతి తక్కువ దారి పొడవు ఎంత ఉంటుందో బియర్డ్‌వుడ్, హాల్టన్, హామర్స్లీ అనే ముగ్గురు గణితజ్ఞులు 1959లో తేల్చారు. చోట్ల సంఖ్య n, విస్తీర్ణం A అయితే సూత్రం ఇది, అందులోని 0.7124 మాత్రం తర్వాతివాళ్లు కంప్యూటర్ లెక్కలతో అంచనా వేసినది:

```
L ≈ 0.7124 × √(n × A)
```

మా రైడర్‌కి 40 చోట్లు, ఒక చదరపు కిలోమీటరు. దారి 4.5 కిలోమీటర్లు వస్తుంది. వీధులు సూటిగా ఉండవు కాబట్టి 1.4తో హెచ్చవేస్తే 6.3. గంటకి 12 కిలోమీటర్ల వేగంతో అది 32 నిమిషాలే. ఈ సూత్రం చోట్లు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు కచ్చితంగా పనిచేస్తుంది, పదీ పన్నెండు చోట్లకి కొంచెం తక్కువ చూపిస్తుంది. ఇక్కడ మాత్రం నా స్టాప్‌వాచ్‌తో సరిపోయింది.

చోట్ల మధ్య దూరం సగటున 150 మీటర్లు. ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లో ప్రపంచంలోకెల్లా గొప్ప రూటింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి దూరంలో పది శాతం తగ్గించినా మిగిలేది రోజుకి మూడు నిమిషాలు. పల్లెల్లో, ఊరి శివార్లలో ఈ నిష్పత్తి తిరగబడుతుంది, అక్కడ కిలోమీటరే ఖర్చు. ఇక్కడ ఖర్చంతా బండి ఆగిన తర్వాత పుడుతోంది.

దొరకని పార్సిల్ ఖరీదు

50 పార్సిళ్లలో 42 అందుతున్నాయి, 8 వెనక్కి వస్తున్నాయి. హబ్ రిపోర్టులో ఇది "84 శాతం" అని ఒకే అంకెగా ఉండేది. దాన్ని విడదీయమన్నాను. రోజూ తీసుకెళ్లే 50లో 43 ఆ రోజే వచ్చిన కొత్తవి, 7 నిన్నో మొన్నో ఇవ్వలేకపోయినవి. కొత్తవాటిలో 5 తప్పిపోతున్నాయి. పాత 7లో 3 మళ్లీ తప్పిపోతున్నాయి. అంటే ఒకసారి తప్పిన పార్సిల్ రెండోసారి కూడా తప్పిపోయే అవకాశం మొదటిసారి కంటే మూడు రెట్లకు పైనే. కారణం మారకుండా మళ్లీ అదే గంటకి అదే తలుపు కొడితే అంతకంటే ఏం జరుగుతుంది? మూడుసార్లూ తప్పిపోయినది పంపినవాళ్లకి వెనక్కి పోతుంది, సగటున రైడర్‌కి రోజుకి ఒకటి.

తర్వాత ఒక్కోదానికి ఎంత సమయం పడుతోందో చూశాం. అందిన పార్సిల్‌కి తలుపు దగ్గర మూడున్నర నిమిషాలు, బండి ఆపి నడిచిన దానిలో దాని వాటా రెండు నిమిషాలు, ప్రయాణంలో వాటా అర నిమిషం చిల్లర. మొత్తం ఆరు. అందని పార్సిల్‌కి తలుపు దగ్గరే ఆరున్నర పడుతుంది. మొదట బెల్, తర్వాత ఫోన్, ఎత్తకపోతే ఇంకో ఫోన్, "రెండు నిమిషాల్లో వస్తున్నా" అనే మాట, ఆ రెండు నిమిషాలు ఐదు కావడం. ప్రయాణం, నడక కలిపితే తొమ్మిది. ఆ తర్వాత సాయంత్రం హబ్‌లో మళ్లీ స్కాన్ చేయాలి, అరలో పెట్టాలి, పొద్దున మళ్లీ తీసి సర్దాలి. అది ఇంకో మూడు. మొత్తం 12 నిమిషాలు పెట్టినా పార్సిల్ ఇంకా మన దగ్గరే ఉంటుంది.

రైడర్‌కి 8 చొప్పున 96 నిమిషాలు, ఆరుగురికి 576. ఒక రైడర్ షిఫ్ట్ 540. మేనేజర్ అడుగుతున్న ఏడో మనిషి రోజంతా చేయబోయే పని ఏమిటో అప్పుడు అర్థమైంది. మిగతా ఆరుగురు ఇవ్వలేకపోయిన వాటి చుట్టూ పెరిగిన పని మోయడమే.

అప్పటి నుంచి మేం చూసే కొలమానం మారింది. "రోజుకి ఎన్ని తీసుకెళ్లారు" అన్నది పక్కనపెట్టి, అందిన ఒక్కో పార్సిల్‌కి ఎన్ని నిమిషాలు అన్నది చూశాం: 540ని 42తో భాగిస్తే దాదాపు 13.

అబద్ధం చెప్పే కోడ్లు

ఇవ్వలేకపోయిన ప్రతిసారీ రైడర్ ఫోన్‌లో ఒక కారణం నొక్కాలి. ఇంట్లో లేరు, ఫోన్ ఎత్తలేదు, అడ్రస్ దొరకలేదు, తర్వాత రమ్మన్నారు, వద్దన్నారు. రెండు వారాల్లో, అంటే 12 పనిదినాల్లో, ఇలాంటివి 576 నమోదయ్యాయి. సగానికి పైగా "ఇంట్లో లేరు".

వాటిని నమ్మే ముందు మూడు విషయాలు పక్కపక్కన పెట్టాం: కోడ్ నొక్కిన సమయం, నొక్కినప్పుడు ఫోన్ ఉన్న చోటు, కస్టమర్‌కి కాల్ వెళ్లిందా లేదా. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ కొన్ని పదుల మీటర్లు తప్పడం మామూలే. అందుకే 50 మీటర్ల హద్దు పెడితే నిజాయితీగా వెళ్లినవాళ్లని కూడా దొంగల్ని చేస్తాం. 300 మీటర్లు దాటితేనే అనుమానించాం. అలా చూసినా 110 దాకా తేలాయి. కాల్ వెళ్లలేదు, ఫోన్ ఆ వీధిలోనే లేదు, నొక్కిన సమయం షిఫ్ట్ చివరి అరగంట. ఐదు "ఇంట్లో లేరు"లు మూడు నిమిషాల్లో నొక్కేసిన రోజులున్నాయి.

మేనేజర్‌కి కోపం వచ్చింది. నేను ఒక రైడర్‌ని పక్కకి పిలిచి అడిగాను. "సార్, టైం అయిపోయింది అని నొక్కడానికి అందులో బటన్ ఏదీ?" అన్నాడు. నిజమే, లేదు. సంచీలో ఐదు మిగిలితే, షిఫ్ట్ ముగించాలంటే అన్నిటికీ ఏదో ఒక కారణం నొక్కాల్సిందే. ఉన్న కారణాలన్నీ కస్టమర్ మీదకే తోస్తాయి. మేం "సమయం చాలలేదు" అనే కోడ్ చేర్చి, అది నొక్కినందుకు రైడర్ ప్రోత్సాహకం తగ్గదని రాతపూర్వకంగా ఇచ్చాం. వారంలోనే చివరి అరగంట "ఇంట్లో లేరు"లు దాదాపు మాయమయ్యాయి. మొత్తం అందనివి ఒక్కటి కూడా తగ్గలేదు, కానీ మిగతా కోడ్లని నమ్మి లెక్క వేసుకోగలిగే స్థితి వచ్చింది. ఈ పని చేయకుండా కారణాల మీద చార్టు గీసి మీటింగ్ పెట్టే హబ్‌లు చాలా చూశాను. ఆ చార్టులో కనిపించేది రైడర్ ఏ బటన్‌కి అలవాటు పడ్డాడో అదే.

రూట్ తిరగేస్తే

మిగిలిన 460 చిల్లర వాటిని భవనాల వారీగా పేర్చాం. మూడో వంతు కేవలం 30 భవనాల్లో ఉన్నాయి. చాలావరకు అపార్ట్‌మెంట్లు. విచిత్రమేమిటంటే అలాంటివే వేరే అపార్ట్‌మెంట్లు అదే ఏరియాలో ఉన్నా, అక్కడ ఇబ్బంది లేదు.

తేడా ఏమిటో రైడర్లే చెప్పారు. "ఆ బ్లాకులకి నేను వెళ్లేసరికి పదిన్నర సార్. తాళాలకి డెలివరీ ఇవ్వాలి." యాప్ రూట్‌ని హబ్‌కి దగ్గరగా ఉన్న చోటి నుంచి మొదలుపెట్టి పేరుస్తుంది. కాబట్టి ప్రవేశం దగ్గరున్న బ్లాకులకి రోజూ పొద్దున్నే వెళ్తారు, చివరనున్నవాటికి రోజూ సాయంత్రమే వెళ్తారు. పొద్దున ఆఫీసుకి వెళ్లిపోయిన ఇంటికి నిన్నా పదిన్నరకే, ఇవాళా పదిన్నరకే, రేపూ పదిన్నరకే. రెండో ప్రయత్నం ఎందుకంత దారుణంగా తప్పిపోతోందో కూడా ఇక్కడే తేలింది.

దీన్ని పరీక్షించడానికి పైసా ఖర్చు అక్కర్లేదు. చుట్టి వచ్చే దారిని ఏ వైపు నుంచి తిరిగినా దూరం అంతే. రెండు ఏరియాల్లో 12 రోజులు, ఒక రోజు ఎప్పటి వరుసలో, మరుసటి రోజు తిరగేసిన వరుసలో పంపాం. ఒకటే రైడర్, అవే భవనాలు, మారింది గంట మాత్రమే. ఆ బ్లాకుల్లో పొద్దున వెళ్తే పదింట మూడు తప్పిపోయాయి, సాయంత్రం వెళ్తే పదింట ఒకటి.

అయితే రూట్ మొత్తం తిరగేస్తే సమస్య తీరలేదు. ఇప్పుడు ఆఫీసులు, దుకాణాలు సాయంత్రం చివర్లో పడ్డాయి, అక్కడ తలుపులు మూసేస్తున్నారు. ఒక చోట గెలిచింది ఇంకో చోట పోయింది. తేలిందేమిటంటే ప్రతి భవనానికి దానిదైన గంట ఉంది, రూట్‌ని దూరం బట్టి కాకుండా ఆ గంటలను బట్టి పేర్చాలి. దూరం ఎలాగూ చవక అని ముందే లెక్క వేశాం కదా.

రెండు గంటల స్లాట్లు

ఇదే సమయంలో సేల్స్ విభాగం వాళ్లు ఇంకో పరిష్కారంతో వచ్చారు. కస్టమర్‌నే అడుగుదాం, నాలుగు రెండు గంటల స్లాట్లు పెడదాం, తను ఎంచుకున్న సమయానికి తను ఇంట్లో ఉంటాడు కదా అన్నారు. వినడానికి బాగుంది. రెండు ఏరియాల్లో మూడు వారాలు నడిపాం. 50 పార్సిళ్లకి అందనివి 8 నుంచి 5కి తగ్గాయి, అంటే 36 నిమిషాల లాభం. కానీ రైడర్లు రోజుకి 42 మించి తీసుకెళ్లలేకపోయారు, అందులో నాలుగు వెనక్కి వస్తే అందినవి 38. ఒక్కోదానికి 14 నిమిషాలకి పైనే. మొదలుపెట్టిన చోటికన్నా అధ్వాన్నం.

ఎక్కడ పోయిందో, పోల్చడానికి వీలుగా అవే 50 పార్సిళ్లకి, ఓపిగ్గా లెక్కేశాం. ముందు ప్రయాణం. నాలుగు స్లాట్లు అంటే రైడర్ అదే చదరపు కిలోమీటరుని రోజుకి నాలుగుసార్లు చుట్టాలి, ఒక్కోసారి పావు వంతు చోట్లకి. పైన చెప్పిన సూత్రంలో దూరం చోట్ల సంఖ్యకి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి, పావు వంతు చోట్లకి దారి పావు వంతు కాదు, సగం అవుతుంది. నాలుగు సగాలు కలిపితే రెండింతలు. స్లాట్లు తొమ్మిదైతే మూడింతలు. మా విషయంలో చోట్లు కూడా పెరగడంతో 6.3 కిలోమీటర్లు దాదాపు 14 అయింది, 32 నిమిషాలు 70 అయ్యాయి.

అంతకంటే నొప్పి కలిగించింది భవనాలు విరిగిపోవడం. ముందు ఒకే భవనంలో మూడు పార్సిళ్లుంటే ఒకసారి బండి ఆపితే సరిపోయేది. ఇప్పుడు ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం, ఒకరు సాయంత్రం ఎంచుకున్నారు. అదే గేటు, అదే రిజిస్టర్, అదే లిఫ్ట్, మూడుసార్లు. బండి ఆపే చోట్లు 40 నుంచి 48కి పెరిగాయి, ఒక్కోదానికి రెండున్నర చొప్పున ఇంకో 20 నిమిషాలు. మూడోది ఖాళీగా ఎదురుచూడడం. స్లాట్ మొదలయ్యే ముందే చేరితే ఇవ్వకూడదు, తలుపు తీయరు కూడా. దానికి 30. మొత్తం 88 నిమిషాలు ఎక్కువ ఖర్చుపెట్టి 36 మిగుల్చుకున్నాం. నికరంగా 52 నిమిషాల నష్టం.

పైగా స్లాట్లు సమానంగా నిండవు. సగం మంది చివరి స్లాటే కోరుకున్నారు. మధ్యాహ్నం రైడర్ చెట్టు కింద కూర్చుంటే, సాయంత్రం రెండు గంటల్లో 20కి పైగా ఇవ్వాలి. ఇక్కడే స్లాట్ మాట తప్పేది. మాట తప్పిన డెలివరీ మామూలు ఆలస్యం కంటే ఎక్కువ ఫిర్యాదులు తెస్తుంది, ఎందుకంటే కస్టమర్ ఇంట్లో కాచుకుని కూర్చున్నాడు.

భవనానికి ఒక గంట

రెండు ప్రయోగాల్లోని మంచిని కలిపితే వచ్చిందే చివరి పద్ధతి. సమయం నిర్ణయించేది కస్టమర్ కాదు, భవనం. ఒక్కో భవనానికి గత మూడు నెలల స్కాన్లు తీసి, ఏ గంటకి వెళ్తే అందుతున్నాయో చూసి, "పగటి భవనం" లేదా "సాయంత్రం భవనం" అని ముద్ర వేశాం. రెండే రెండు తరగతులు. పదిహేను స్కాన్ల కంటే తక్కువ ఉన్న భవనాన్ని పక్క భవనంతో పాటే వదిలేశాం, తక్కువ డేటాతో ముద్ర వేస్తే తప్పు ముద్రలే పడతాయి. రైడర్ల షిఫ్ట్‌ని రెండు గంటలు ఆలస్యంగా మొదలయ్యేలా జరిపి పొద్దున 11 నుంచి రాత్రి 8 దాకా చేశాం. కస్టమర్‌కి పొద్దున ఒక మెసేజ్ వెళ్తుంది: మా మనిషి ఇవాళ మీ భవనానికి 5, 8 మధ్య వస్తారు, ఆ సమయానికి వీలుకాకపోతే ఇక్కడ నొక్కండి. నొక్కినవాళ్ల పార్సిల్ ఆ రోజు సంచీలోకే ఎక్కదు. ఇంట్లో ఉండనని ముందే చెప్పిన మనిషి మనకి 12 నిమిషాలు మిగిల్చినట్టు.

పగటి, సాయంత్రం భవనాలు పూర్తిగా కలగలిసి ఉంటే రెండు చుట్లకి ప్రయాణం 1.4 రెట్లు కావాలి. మా దగ్గర ఆఫీసులు ఒక పక్కకి, ఇళ్లు ఇంకో పక్కకి కొంత విడిగానే ఉన్నాయి కాబట్టి పెరిగింది పది నిమిషాలు. అది చెల్లించడానికి సిద్ధపడ్డాం.

ఒకే భవనంలోని పార్సిళ్లన్నీ ఒకే గంటకి చేరడంతో కలిపి ఇవ్వడం సాధ్యమైంది. దీనిలో రైడర్ల నేర్పు నా స్ప్రెడ్‌షీట్‌కి మించినది. వాళ్లలో పెద్దవాడు మిగతావాళ్లకి నేర్పిన పద్ధతి ఇది: "గేటు దగ్గర బండి ఆపగానే అందరికీ ఫోన్ చేసెయ్ తమ్ముడూ, ఎత్తనివాడు ఎవడో లిఫ్ట్ ఎక్కకముందే తెలియాలి." తర్వాత లిఫ్ట్‌లో పై అంతస్తుకి వెళ్లి మెట్లు దిగుతూ ఇచ్చుకుంటూ రావడం. లిఫ్ట్ కోసం ఒక్కసారే నిలబడతాడు. ఒంటరి పార్సిల్‌కి తొమ్మిది నిమిషాలు పట్టే పెద్ద భవనంలో ఐదు పార్సిళ్లు 20 నిమిషాల్లో అయ్యాయి. దీనికి హద్దు కూడా ఉంది. ఏడు దాటితే చేతులు చాలవు, ఒక ఇంటి పెట్టె ఇంకో ఇంట్లో ఇచ్చేస్తారు, కింద బండి మీద మిగిలిన సంచీకి కాపలా ఉండదు. ఏడుకి పైన ఉంటే రెండు విడతలు చేయమన్నాం.

ఇంకా ఎక్కువ కలపాలనే ఆశ కూడా పుడుతుంది. ఇవాళ ఒక్కటే ఉన్న భవనాన్ని రేపటికి ఆపితే రేపు రెండవుతాయి కదా? ఒక వారం చేసి చూశాం. రెండున్నర నిమిషాలు మిగిలాయి, కానీ హబ్‌లో అరలు నిండిపోయి పొద్దున వెతుకులాటకి అంతకంటే ఎక్కువ పోయింది, "ఎక్కడుంది" అనే ఫోన్లు పెరిగాయి. ఆపేశాం. మధ్యాహ్నం లారీలో వచ్చే పార్సిళ్లని మాత్రం ఆపడం లాభమైంది. అంతకుముందు వాటికోసం ఇద్దరు రైడర్లు వెనక్కి వచ్చి వెళ్లేవారు, 40 నిమిషాల ప్రయాణం మళ్లీ. ఇప్పుడు సాయంత్రం భవనాలవి ఒక మనిషి నాలుగింటికి పట్టుకెళ్లి ఏరియాలోనే అందరికీ పంచేస్తాడు.

ఎనిమిది వారాల తర్వాత సగటు రైడర్ రోజు ఇలా ఉంది. కొత్తవి అవే 43, పాతవి 4, మొత్తం 47. అందనివి 4. బండి ఆపే చోట్లు 36. అందని నాలుగు తగ్గినందుకు 48 నిమిషాలు, నాలుగు చోట్లు తగ్గినందుకు 10 మిగిలాయి, పెరిగిన ప్రయాణానికి 10 పోయాయి. 540 నిమిషాల పని 490 దరిదాపుల్లోకి వచ్చింది, అందిన ఒక్కో పార్సిల్‌కి పదకొండున్నర. ఏడో రైడర్ దస్త్రం పక్కకి పెట్టేశారు.

పనిచేయని చోట్లు

ఆరో ఏరియాలో ఇదంతా దాదాపు వృథా. అక్కడ ఉన్నవి ఇరుకు సందులు, విడి ఇళ్లు, కలపడానికి భవనాలే లేవు. అందని కారణాల్లో ముందున్నది "అడ్రస్ దొరకలేదు", మా కోడ్ల సంస్కరణ తర్వాత కూడా అదే. అక్కడ ఇచ్చిన ప్రతిసారీ ఓటీపీ నమోదైన చోటి జీపీఎస్ గుర్తుని దాచి, మరుసటిసారి రైడర్‌కి చూపిస్తున్నాం. మొదట్లో "డెలివర్డ్" నొక్కిన చోటుని దాచాం. రైడర్లు అన్నీ ఇచ్చేసి సందు మొదట్లో బండి దగ్గరకి వచ్చాక వరసగా నొక్కేవారు కాబట్టి పది ఇళ్లకి ఒకే గుర్తు పడింది. ఓటీపీకి మార్చాక, ఒకే ఇంటివి మూడు గుర్తులు వచ్చేదాకా ఆగి మధ్యది తీసుకుంటున్నాం. కొత్త రైడర్ వచ్చిన రోజున తేడా బాగా తెలుస్తుంది, పాత రైడర్‌కి ఎలాగూ దారి తెలుసు.

సెక్యూరిటీ దగ్గర వదిలేసే పద్ధతి కూడా ప్రయత్నించాం. అందనివి బాగా తగ్గాయి, కానీ "నాకు అందలేదు" అనే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక్కో ఫిర్యాదు విచారణకి ఆఫీసులో అరగంట పడుతుంది, అది రెండు మూడు తప్పిన డెలివరీలకి సమానం. ఇప్పుడు కస్టమర్ మెసేజ్‌లో స్వయంగా ఒప్పుకుంటేనే, ముందే డబ్బు కట్టిన పార్సిళ్లకే అది అనుమతిస్తున్నాం.

భవనాల ముద్రలు కూడా పాతబడతాయి. సెలవు రోజుల్లో ఆఫీసులు మూసి ఉంటాయి, సాయంత్రం భవనాలు పగలే తలుపులు తీస్తాయి. మొదటి సెలవు రోజున ఈ సంగతి మర్చిపోయి వారపు ముద్రలతోనే పంపాం. ఒక రైడర్ 11 కొత్త పార్సిళ్లు వెనక్కి తెచ్చాడు. ఇప్పుడు సెలవులకి వేరే పట్టిక ఉంది, రెండు పట్టికల్నీ నెలకోసారి తిరిగి వేస్తున్నాం. ఏదైనా భవనంలో పది పార్సిళ్లలో మూడు తప్పిపోతే ఆ భవనం ముద్ర రద్దయి, రెండు వారాలు రోజు మార్చి రోజు వేరే గంటకి పంపుతాం, మొదట రూట్ తిరగేసిన పద్ధతిలోనే. ఆరో ఏరియాలో రైడర్ ఇప్పటికీ రోజుకి ఆరింటిని వెనక్కి తెస్తున్నాడు.